రాతిలోని ఖనిజాలు చెప్పే చరిత్ర
(షిస్టు శిలలలో పీడన, ఉష్ణోగ్రతల జాడలు)

బందరులోను, గుడివాడలోను, దివిసీమలోను పుట్టి పెరిగిన మనకు రాయి పరిచయం తక్కువ. నూయి త్రవ్వినా, చెరువు త్రవ్వినా పైకి వచ్చేది మట్టి, ఇసుక మాత్రమే. కరకట్టలకు పేర్చిన బండలూ, రైలు పట్టాల క్రింద పరచిన కంకరా పడమటి కొండల నుండి బండ్లమీద, వ్యాగన్లలో వచ్చినవే. కావున రూపాంతర శిలల గురించిన పాఠం చదివేటప్పుడు, అది మన నేలకు సంబంధించిన విషయం కాదని మనలో చాలామంది అనుకోవడం సహజం. మేమూ అట్లాగే అనుకున్నాము. కాని ఆలోచించి చూస్తే ఈ పాఠానికి మొదటి పుట మన కాళ్ల క్రిందనే ఉన్నది.

షిస్టు అనే శిల మొదట ఏమిటి? చాలా సందర్భాలలో అది బంకమట్టి. దివిసీమ పొలాలలో వానాకాలంలో కాళ్లకు అంటుకొనే నల్లని బంకమట్టి వంటిదే. అటువంటి మట్టిలో అల్యూమినియం, సిలికా, ఇనుము, మెగ్నీషియం, పొటాషియం, నీరు సమృద్ధిగా ఉంటాయి. ఈ మట్టిపై మరికొంత మట్టి, దానిపై ఇంకొంత పేరుకొని, అది భూగర్భంలోకి దిగిపోతే గట్టిపడి మొదట షేలు అవుతుంది. ఆపైన పీడనమూ, ఉష్ణోగ్రతా పెరిగితే పలక రాయి అవుతుంది. ఇంకా పెరిగితే కంటికి కనబడే అభ్రకపు రేకులతో మెరిసే షిస్టు అవుతుంది. ఈ మార్పు అంతా శిల ఘనస్థితిలో ఉండగానే జరుగుతుంది. కరిగి పోయడం అనేది ఇందులో లేదు.

మన డెల్టా క్రింద కృష్ణా-గోదావరి బేసినులో అవక్షేపాలు కొన్నిచోట్ల ఐదు కిలోమీటర్లకు మించిన మందంతో ఉన్నాయి. లోతుకు పోయేకొద్దీ కిలోమీటరుకు దాదాపు 30 డిగ్రీల సెంటిగ్రేడు చొప్పున ఉష్ణోగ్రత పెరుగుతుందని లెక్క వేసుకొంటే, ఐదు కిలోమీటర్ల లోతున అది సుమారు 180 డిగ్రీలు. సహజ వాయువు పుట్టడానికి ఆ వేడిమి చాలును గాని, షిస్టు పుట్టడానికి చాలదు. మన మట్టి షిస్టు కావాలంటే ఇంతకు మూడు, నాలుగు రెట్ల లోతుకు పోవాలి. అంత లోతుకు పోయి, తిరిగి పైకి వచ్చిన పురాతనపు బంకమట్టిని చూడాలంటే మనం నెల్లూరు జిల్లాకు గాని, విజయవాడ కొండలకు గాని పోవలసి ఉంటుంది.

ఆ రాయి ఎంత లోతుకు పోయివచ్చిందో, ఎంత వేడిని చవిచూసిందో ఎట్లా తెలుస్తుంది? అక్కడ థర్మామీటరు పెట్టి చూచినవారు ఎవ్వరూ లేరు. రాతిలోని కొన్ని ఖనిజాలే ఆ పని చేస్తాయి. వీటిని సూచక ఖనిజాలు అంటారు.

ఈ పద్ధతికి పునాది వేసినవాడు జార్జి బారో. స్కాట్లాండు హైలాండ్సులోని ఆగ్నేయ భాగంలో భూవిజ్ఞాన సర్వే చేస్తూ, బంకమట్టి నుండి పుట్టిన శిలలలో ఒకవైపు నుండి మరొకవైపుకు నడిచేకొద్దీ కొత్త కొత్త ఖనిజాలు ఒక నిర్ణీతమైన వరుసలో కనబడుతున్నాయని అతడు గమనించి, 1893లో ప్రకటించాడు. 1925లో సి. ఇ. టిల్లీ ఆ వరుసను మరింత స్పష్టం చేశాడు. ఆ వరుస ఇది: మొదట క్లోరైటు, తరువాత బయొటైటు అనే నల్లని అభ్రకం, ఆపైన గార్నెట్టు, స్టారొలైటు, కయనైటు, చివరకు సిల్లిమనైటు. క్లోరైటు మండలంలోని శిల 300 నుండి 400 డిగ్రీల వేడిని చూచినదనీ, గార్నెట్టు 500 డిగ్రీల ప్రాంతంలో పుడుతుందనీ, స్టారొలైటుకు 550 డిగ్రీలు దాటాలనీ, కయనైటు, సిల్లిమనైటు మండలాలు 600 డిగ్రీలకు అటూ ఇటూ మొదలవుతాయనీ స్థూలంగా జ్ఞాపకం పెట్టుకోవచ్చు. ఒక ఖనిజం రాతిలో ఉన్నదా లేదా అన్నదానికంటె, అది మొట్టమొదట కనబడిన చోటు ముఖ్యమైనది. ఎందుకంటే గార్నెట్టు ఒకసారి పుట్టిన తరువాత పై మండలాలన్నిటిలోనూ ఉంటూనే ఉంటుంది.

ఉష్ణోగ్రత సంగతి ఇట్లా తెలిసింది. మరి పీడనం? ఇక్కడ మనకు ముగ్గురు అన్నదమ్ముల వంటి ఖనిజాలు సహాయపడతాయి. అండలూసైటు, కయనైటు, సిల్లిమనైటు అనే మూడింటికీ రసాయన సూత్రం ఒక్కటే: Al₂SiO₅. పరమాణువులు ఒకటే అయినా, వాటి అమరిక వేరు. అండలూసైటు సాంద్రత సుమారు 3.15, సిల్లిమనైటుది 3.25, కయనైటుది 3.6. బాగా ఒత్తిడి పెడితే పదార్థం తక్కువ చోటులో ఇమడడానికి ప్రయత్నిస్తుంది గనుక, అధిక పీడనంలో కయనైటు నిలుస్తుంది. తక్కువ పీడనంలో, మితమైన వేడిలో అండలూసైటు నిలుస్తుంది. ఎక్కువ వేడిలో సిల్లిమనైటు నిలుస్తుంది. మూడింటి సరిహద్దులూ కలిసే బిందువు ఒకటి ఉన్నది. ప్రయోగశాలలలో దానిని నిర్ణయించడానికి ఎన్నో ఏళ్లు పట్టింది. 1971లో హోల్డవే దానిని సుమారు 500 డిగ్రీలు, 3.8 కిలోబార్ల వద్ద ఉంచగా, 1992లో ప్యాటిసన్ ప్రకృతిలోని శిలల సాక్ష్యంతో 550 డిగ్రీలు, 4.5 కిలోబార్లు అని చెప్పాడు. ఒక కిలోబారు అంటే దాదాపు వెయ్యి వాతావరణాల పీడనం. భూగర్భంలో అది సుమారు 3.6 కిలోమీటర్ల రాతి బరువుకు సమానం. కనుక రాతిలో అండలూసైటు కనబడితే, అది ఏర్పడిన సమయానికి ఆ శిల పదహారు కిలోమీటర్లకు మించిన లోతున లేదని ఒక్క చూపుతో చెప్పవచ్చు.

ఇక మాకు ఎదురైన ఒక ఉదాహరణను వివరిస్తాము. నెల్లూరు షిస్టు మేఖలలో గూడూరు, సైదాపురం ప్రాంతాల అభ్రకపు గనులు ప్రసిద్ధమైనవి. ఆ మేఖలలో గార్నెట్టు, స్టారొలైటు, కయనైటు గల అభ్రకపు షిస్టులు ఉన్నాయి. అక్కడి నుండి తెచ్చిన అరచేయంత రాతి నమూనా ఒకటి మా చేతికి వచ్చింది. పైకి చూస్తే అది పచ్చగా, జిడ్డుగా ఉన్నది. గోటితో గీకితే పచ్చని రేకులు ఊడివచ్చాయి. అది క్లోరైటు. ఇంకేమున్నది, క్లోరైటు మండలపు శిల, వేడి 400 డిగ్రీల లోపే అని మేము చీటీ వ్రాసి అంటించాము. ఆ చీటీ తప్పు. ఎట్లా తప్పయిందో చెప్పడమే ఈ వ్యాసపు ముఖ్యోద్దేశం.

రాతిని విరిచి లోపలి ముఖం చూచినప్పుడు మొదటి అనుమానం కలిగింది. అక్కడ పప్పుగింజలంత ఎర్రని గార్నెట్టులూ, వాటి మధ్య లేత నీలి రంగుగల పొడవాటి పట్టీలూ కనబడ్డాయి. నీలి పట్టీని చాకు మొనతో పొడవు వెంట గీస్తే గీత పడింది. అడ్డంగా గీస్తే పడలేదు. ఒకే స్ఫటికంలో దిక్కును బట్టి కాఠిన్యం ఇట్లా మారడం కయనైటుకు ప్రసిద్ధ లక్షణం. సూక్ష్మదర్శిని లేకుండానే దానిని గుర్తించడానికి ఇంతకంటె సులభమైన పరీక్ష లేదు. కయనైటు ఉన్న రాయి క్లోరైటు మండలానికి చెందినది కాజాలదు. మరి క్లోరైటు ఎందుకున్నది?

దానికి జవాబు పలుచని ఛేదంలో దొరికింది. రాతిని కోసి, గాజు పలకకు అంటించి, 0.03 మిల్లీమీటరు మందం మిగిలేవరకు అరగదీస్తే ఖనిజాలు చాలావరకు వెలుతురును పోనిస్తాయి. అప్పుడు ఏ ఖనిజం ఉన్నదనే కాక, ఏది దేని లోపల ఉన్నది, ఏది దేనిని ఒరుసుకొని ఉన్నది అని కూడా చూడవచ్చు. ఇందులో మూడు సామాన్య నియమాలు ఉన్నాయి. ఒక స్ఫటికం లోపల చిక్కుకొన్న ఖనిజం ఆ స్ఫటికం కంటె ముందు పుట్టినది, లేదా దానితోపాటు పుట్టినది. అభ్రకపు పొరలు ఒక స్ఫటికాన్ని చుట్టుకొని వంగిపోతే, పొరలు చివరిసారి నొక్కుకొనే నాటికే ఆ స్ఫటికం ఉన్నది. పగుళ్ల వెంట, అంచుల వెంట మాత్రమే కనబడే ఖనిజం తరువాత వచ్చినది.

ఈ నియమాలతో మా రాతిని చదివాము. గార్నెట్టు నడిమి భాగంలో చిన్న చిన్న క్లోరైటు, పలుగురాయి గింజలు చిక్కుకొని ఉన్నాయి. అంటే గార్నెట్టు పుట్టేనాటికి రాతిలో క్లోరైటు ఉన్నది. అప్పటి వేడి సుమారు 500 డిగ్రీలు. గార్నెట్టు అంచు దగ్గర చిక్కుకొన్నవి పసుపుపచ్చని స్టారొలైటు గింజలు. అంటే గార్నెట్టు పెరుగుతుండగానే వేడి 550 డిగ్రీలు దాటింది. కయనైటు పట్టీల లోపల అంచులు తిన్న స్టారొలైటు ముక్కలు మిగిలి ఉన్నాయి. స్టారొలైటు, తెల్లని అభ్రకం, పలుగురాయి కలిసి చర్య జరిపి కయనైటును, బయొటైటును, గార్నెట్టును ఇచ్చి నీటిని విడిచిపెడతాయి. ఆ చర్య పూర్తికాకుండా మిగిలిపోయిన తునకలు ఇవి. కాబట్టి ఈ రాయి చూచిన గరిష్ఠమైన వేడి సుమారు 620 డిగ్రీలు అని అనుకోవచ్చు. ఇక బయట మాకు కనబడిన పచ్చని క్లోరైటు గార్నెట్టు పగుళ్లలోనూ, అంచులలోనూ మాత్రమే ఉన్నది. అది శిల చల్లారుతూ పైకి వచ్చేటప్పుడు పగుళ్ల గుండా నీరు చొరబడి గార్నెట్టును, బయొటైటును తినివేయగా పుట్టినది. ఒకే పేరుగల ఖనిజం ఈ కథలో రెండుసార్లు వచ్చింది. మొదటిది పోయే దారిలోది, రెండవది తిరిగివచ్చే దారిలోది. మేము చివరి దానిని చూచి మొదటిదని భ్రమపడ్డాము.

ఇప్పుడు పీడనం లెక్క. కయనైటు, సిల్లిమనైటుల మధ్య సరిహద్దు గీత మూడు ఖనిజాల బిందువు నుండి మొదలై, డిగ్రీకి సుమారు 20 బార్ల చొప్పున పైకి పోతుంది. ప్యాటిసన్ బిందువును తీసుకొందాము. 620 నుండి 550 తీసివేస్తే 70 డిగ్రీలు. 70ని 20తో గుణిస్తే 1400 బార్లు, అనగా 1.4 కిలోబార్లు. దానిని 4.5కు కలిపితే 5.9. 620 డిగ్రీల వద్ద కయనైటు నిలవాలంటే పీడనం 5.9 కిలోబార్ల కంటె ఎక్కువ ఉండాలి. కిలోబారుకు 3.6 కిలోమీటర్ల చొప్పున గుణిస్తే 21 కిలోమీటర్ల పైచిలుకు. హోల్డవే బిందువుతో లెక్క వేసినా 6.2 కిలోబార్లు వస్తుంది. తేడా ఒక కిలోమీటరు మాత్రమే. మన చేతిలోని పచ్చని రాయి ఒకనాడు ఇరవై కిలోమీటర్లకు మించిన లోతున ఉండి వచ్చినదన్నమాట.

ఈ లెక్క చెప్పేది కనీసపు లోతు మాత్రమే అని గుర్తుంచుకోవాలి. కయనైటు ఉండడం వలన పీడనం ఇంతకు తక్కువ కాదని తెలుస్తుంది. ఎంత ఎక్కువో తెలియదు. దానికి గార్నెట్టులోని కాల్షియం, ప్లాజియోక్లేజు ఫెల్‌స్పారులోని కాల్షియం కొలిచి మరొక లెక్క వేయాలి. అట్లాగే పైకి వచ్చే దారి గురించి కూడా తొందరపడరాదు. రాయి వేడిగా ఉండగానే పైకి లేచి ఉంటే సిల్లిమనైటు క్షేత్రంలోకి ప్రవేశించి, అభ్రకం నడుమ వెంట్రుకల వంటి సిల్లిమనైటు సూదులు పుట్టవలసింది. మా ఛేదంలో అవి లేవు. లోతులోనే కొంత చల్లారి తరువాత పైకి వచ్చిందని దీనినిబట్టి చెప్పాలని అనిపిస్తుంది. అయితే కయనైటు సిల్లిమనైటుగా మారడం చాలా మందకొడి చర్య. ఈ క్షేత్రంలో కొంతకాలం ఉన్నా మారకుండా కయనైటు మిగిలిపోవచ్చు. కనుక సూదులు కనబడితే అది బలమైన సాక్ష్యం. కనబడకపోతే అది బలహీనమైన సాక్ష్యం.

మరొక పొరపాటుకు కూడా ఇక్కడ తావు ఉన్నది. సూచక ఖనిజాలు బంకమట్టి నుండి పుట్టిన రాళ్లకే వర్తిస్తాయి. నెల్లూరు మేఖలలోనే షిస్టు ప్రక్కన నల్లని ఆంఫిబొలైటు బండలు ఉంటాయి. అవి పురాతన లావాల నుండి వచ్చినవి. వాటిలో కయనైటు సాధారణంగా కనబడదు. దానిని చూచి ఆ బండలు తక్కువ లోతుకు పోయాయని అనుకోరాదు. రెండూ కలిసే దిగాయి, కలిసే పైకి వచ్చాయి. కయనైటుకు కావలసినంత అల్యూమినియం ఆంఫిబొలైటులో మిగలదు, అంతే. దినుసులు లేని చోట వంటకం కోసం వెదకడం వ్యర్థం.

ఇప్పుడు మన ఇంటికి దగ్గరగా వద్దాము. విజయవాడ కొండలలో కనబడే ఖొండలైటు కూడా మొదట బంకమట్టి వంటి అవక్షేపమే. 1902లో టి. ఎల్. వాకర్ తూర్పు కనుమలలో నివసించే ఖోండుల పేరు మీద ఈ శిలకు ఆ పేరు పెట్టాడు. ఇందులో గార్నెట్టు, సిల్లిమనైటు, పలుగురాయి, పొటాష్ ఫెల్‌స్పారు ఉంటాయి. అక్కడక్కడ గ్రాఫైటు కూడా ఉంటుంది. తెల్లని అభ్రకం మాత్రం దాదాపు లేదు. ఈ లేకపోవడమే ఇక్కడ అసలు సూచిక. తెల్లని అభ్రకం, పలుగురాయి కలిసి వేడెక్కితే 650 నుండి 700 డిగ్రీల ప్రాంతంలో అభ్రకం విచ్ఛిన్నమై సిల్లిమనైటును, పొటాష్ ఫెల్‌స్పారును ఇస్తుంది. కాబట్టి ఖొండలైటు నెల్లూరు షిస్టు కంటె చాలా ఎక్కువ వేడిని చూచినదని చేతి కటకంతోనే నిర్ణయించవచ్చు.

ఎంత ఎక్కువ? ఇక్కడ ఒక విచిత్రం ఉన్నది. గార్నెట్టు, బయొటైటు ప్రక్కప్రక్కన ఉంటే అవి ఇనుమును, మెగ్నీషియాన్ని ఒకదానితో ఒకటి ఇచ్చిపుచ్చుకొంటాయి. ఏ ఉష్ణోగ్రతలో ఏ నిష్పత్తిలో పంచుకొంటాయో 1978లో ఫెర్రీ, స్పియర్ ప్రయోగపూర్వకంగా నిర్ణయించారు. అప్పటి నుండి ఇది శిలలకు థర్మామీటరుగా వాడుకలోకి వచ్చింది. నెల్లూరు షిస్టు వంటి రాళ్లకు ఇది చక్కగా పనిచేస్తుంది. మరీ వేడెక్కిన రాళ్లలో మాత్రం ఇది మోసగిస్తుంది. రాయి చల్లారుతున్నంత సేపూ ఆ ఇచ్చిపుచ్చుకోవడం ఆగదు. 650, 700 డిగ్రీల వరకు దిగిన తరువాతనే అది ఆగిపోతుంది. కొలిచి చూస్తే మనకు ఆ ఆగిపోయిన నాటి ఉష్ణోగ్రతే వస్తుంది, గరిష్ఠమైనది రాదు. గార్నెట్టు నడిమిలో మొదట ఉండవలసిన పెరుగుదల జాడలు కూడా ఆ వేడికి చెరిగిపోతాయి.

అటువంటి చోట మళ్లీ ఖనిజాల సహవాసాన్నే నమ్మవలసి ఉంటుంది. బొమ్మలకు పేరుపొందిన కొండపల్లి దగ్గరి శిలలను పరిశీలించి, ఇవి 900 డిగ్రీలకు మించిన అత్యధిక ఉష్ణోగ్రతను చూచినవని 1999లో ఒక పరిశోధక బృందం ప్రకటించింది. తూర్పు కనుమలలో పాడేరు, అనకాపల్లి ప్రాంతాలలో దొరికే సఫిరీను అనే అరుదైన ఖనిజం గల శిలలు కూడా ఇటువంటివే. విజయవాడ, ఒంగోలు ప్రాంతాలలో ఈ మహాతాపం సుమారు 160 కోట్ల సంవత్సరాల నాటిది. ఆ వేడిని చెప్పినది గార్నెట్టు, బయొటైటుల కొలత కాదు. ఏ ఖనిజం దేనితో కలిసి నిలిచిందో, ఏది దేని చుట్టూ అంచుకట్టిందో ఆ కూర్పు చెప్పింది.

కరకట్టమీది బండనైనా, రైలు కట్ట ప్రక్కన పడిన రాతినైనా చేతికి తీసుకొన్నప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలని మా అనుభవం నేర్పింది. ఈ రాయి మొదట బంకమట్టియా, కాదా? ఇందులోని సూచక ఖనిజాలలో ఏది ఏ దాని లోపల ఉన్నది? పగుళ్లలో మాత్రమే ఉన్నది ఏది? ఈ మూడింటికీ జవాబు దొరికేవరకు చీటీ వ్రాయరాదు.

దివిసీమ చివర, హంసలదీవి దగ్గర, కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట ఇసుకను అరచేతిలోకి తీసుకొని చూస్తే నల్లని, ఎర్రని గింజలు కొన్ని కనబడతాయి. ఎర్రనివి గార్నెట్టులు. వాటిలో ఒకదానిని చూచి ఇది ఎక్కడో ఒక వేడెక్కిన శిలలో పుట్టిందని మాత్రం చెప్పగలం. దాని ప్రక్కన నాడు కయనైటు ఉన్నదో, సిల్లిమనైటు ఉన్నదో, అభ్రకం ఉన్నదో, లేదో చెప్పలేము. నది ఆ పొరుగువారినందరినీ విడదీసి తెచ్చింది. రాతి చరిత్ర ఒక్కొక్క ఖనిజంలో కంటె, వాటి పొరుగులో ఎక్కువగా ఉన్నది. మా పాత చీటీని మేము పారవేయలేదు. క్రొత్త చీటీని దాని ప్రక్కనే అంటించాము.